డిగాక్సిన్ మాత్ర వెనకున్న లెక్క

గుండె లయ తప్పి వేగంగా కొట్టుకునేవారికి డాక్టర్లు రాసే పాత మందుల్లో డిగాక్సిన్ ఒకటి. మాత్ర చిన్నది, 0.25 మిల్లీగ్రాములే. కానీ పనిచేసే మోతాదుకూ ప్రమాదం తెచ్చే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. లీటరు రక్తద్రవంలో ఒక మైక్రోగ్రాము దగ్గర ఉంటే మందు పనిచేస్తుంది, రెండు దాటితే విషలక్షణాల భయం మొదలవుతుంది. అందుకే ఈ మందును లెక్క చూసుకుని ఇవ్వాలి.

అరవై కిలోల బరువుండి, మూత్రపిండాలు బాగా పనిచేస్తున్న ఒక రోగిని ఊహించుకుందాం. రక్తంలో లీటరుకు ఒక మైక్రోగ్రాము నిలపాలన్నది డాక్టరు లక్ష్యం.

మొదట తెలియాల్సింది మందు ఎంత మేర విస్తరిస్తుందన్నది. డిగాక్సిన్‌కు ఇది కిలో బరువుకు సుమారు 7 లీటర్లు, అంటే ఈ రోగికి 420 లీటర్లు. మనిషి ఒంట్లో అంత ద్రవం ఉండదు కదా! మందులో ఎక్కువ భాగం రక్తాన్ని వదిలి గుండె కండరానికీ ఒంటి కండరాలకూ అంటుకుపోతుంది. రక్తంలో కనిపించేది కొంచెమే కాబట్టి లెక్కలో అంత పెద్ద అంకె వస్తుంది. లీటరుకు ఒక మైక్రోగ్రాము చొప్పున నింపాలంటే 420 మైక్రోగ్రాములు కావాలి. మింగిన మాత్రలో దాదాపు 70 శాతమే ఒంటికి అందుతుంది గనుక 420ని 0.7తో భాగిస్తే 600 వస్తుంది. ఇదే లోడింగ్ డోసు, రెండున్నర మాత్రలకు దగ్గర. దీన్ని ఒక్కసారే ఇవ్వరు. మొదట సగం ఇచ్చి, మిగతాది ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో రెండు విడతలుగా ఇస్తారు. ప్రతి విడతకూ ముందు నాడి చూస్తారు.

ఇక మందు బయటికి పోయే వేగం. ఈ రోగిలో డిగాక్సిన్ అర్ధాయువు 40 గంటలనుకుందాం. అంటే ప్రతి 40 గంటలకూ రక్తంలోని మందు సగానికి పడిపోతుంది. దీన్నుంచి క్లియరెన్స్ తెలుస్తుంది. అది గంటకు ఎన్ని లీటర్ల రక్తద్రవం మందు లేకుండా శుభ్రపడుతుందో చెప్పే కొలత. 0.693ని 420తో గుణించి 40తో భాగిస్తే గంటకు సుమారు 7.3 లీటర్లు, రోజుకు 175 లీటర్లు. లీటరుకో మైక్రోగ్రాము ఉన్నప్పుడు రోజుకు 175 మైక్రోగ్రాములు పోతాయన్నమాట. పోయినంత మళ్లీ చేరాలి. 175ని 0.7తో భాగిస్తే 250, సరిగ్గా ఒక మాత్ర.

రోజూ పోయేదీ చేరేదీ సమానమయ్యే దశనే నిలకడ స్థాయి అంటారు. లోడింగ్ డోసు లేకుండా రోజుకో మాత్రతోనే మొదలుపెడితే ఒక అర్ధాయువుకు లక్ష్యంలో సగం, రెండింటికి ముప్పావు, ఐదింటికి 97 శాతం చేరుతుంది. అంటే 200 గంటలు, ఎనిమిది రోజులకు పైమాటే. అంతకాలం ఆగే వీలు లేనప్పుడే లోడింగ్ డోసు.

ఇప్పుడు అదే రోగికి మూత్రపిండాల పని మందగించి క్లియరెన్స్ సగమైందనుకుందాం. రోజుకో మాత్ర అలాగే సాగితే నిలకడ స్థాయి రెట్టింపై లీటరుకు రెండు మైక్రోగ్రాములవుతుంది. అర్ధాయువు కూడా 80 గంటలవుతుంది కాబట్టి ఆ పెరుగుదల మెల్లగా వస్తుంది. 80 గంటలకు 1.5, 160 గంటలకు 1.75. రెండుకు దగ్గరగా చేరేసరికి పదహారు పదిహేడు రోజులు. మొదటి వారం పరీక్షలో అంకె రెండు లోపే ఉందని ఊరట పడితే మూడో వారంలో ప్రమాదం ఎదురవుతుంది. ఆకలి మందగించడం, వాంతులు, చూపు పచ్చగా మసకబారడం, నాడి తగ్గడం దాని గుర్తులు. ఈ రోగికి రోజుకు సగం మాత్ర చాలు.

ఈ లెక్కకు హద్దులున్నాయి. మూత్రపిండాలు బాగా దెబ్బతింటే మందు విస్తరించే పరిమాణమూ తగ్గుతుంది, అప్పుడు లోడింగ్ డోసునూ తగ్గించాలి. మాత్ర వేసుకున్న ఆరు గంటల లోపు రక్తం తీస్తే, మందు ఇంకా కండరాల్లోకి చేరక అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌కైతే ఈ సూటి లెక్క పనికిరాదు. దాన్ని విడగొట్టే కాలేయపు శక్తికి పరిమితి ఉంది కాబట్టి, మోతాదు కొంచెం పెంచినా రక్తంలో స్థాయి ఒక్కసారిగా ఎగబాకుతుంది.

డిగాక్సిన్ వాడేవారు సొంతంగా మోతాదు మార్చుకోకూడదు. కొత్త మందేదైనా మొదలైనా, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినా, క్రియాటినిన్ పెరిగినా ఆ సంగతి వెంటనే డాక్టరుకు చెప్పాలి. నిన్నటివరకూ సరిపోయిన మాత్రే అప్పుడు ఎక్కువ కావచ్చు.