334 అంకె కాదు, పేరు

గుంటూరు మిర్చి యార్డు ధరల పట్టిక వాట్సాప్‌లో ఫొటోగా తిరుగుతుంటుంది. ఆ రోజు ధర తెలుసుకోవడానికి ఫొటో చాలు. సీజన్ మొత్తంలో తేజ ధర ఎలా పెరిగి ఎలా తగ్గిందో చూడాలంటే మాత్రం చాలదు. కంప్యూటర్‌కు అది రంగుల చుక్కల బొమ్మ మాత్రమే. అందుకే పట్టికలోని ఒక్కో వరసను ఒక్కో జేసన్ రికార్డుగా మారుస్తారు. జేసన్ అంటే ప్రతి విలువ పక్కన దాని పేరు రాసి ఉంచే పద్ధతి. ఆ పేరునే 'కీ' అంటారు.

ఫొటోలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఫోన్లోనే ఉన్నాయి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఒక పట్టిక ఊహించుకుందాం. పైన తేదీ 04-03-2025. కింద 'నాన్ ఏసీ' అనే శీర్షిక, దాని కింద తేజ, 334, బాడిగ రకాలు. ఆ తర్వాత 'ఏసీ' అనే శీర్షిక, అంటే కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన సరుకు. దాని కింద మళ్లీ అవే రకాలు. ప్రతి రకానికీ ఎన్ని టిక్కీలు వచ్చాయో, క్వింటా ధర ఎంతో ఉంటాయి. ధర గడిలో '8,000-13,500' అని రెండు అంకెలూ కలిపి రాశారు. ఇవన్నీ ఉదాహరణకు వేసుకున్న అంకెలే. నాన్ ఏసీ 334 వరస ఇలా మారాలి:

```json
{
  "date": "2025-03-04",
  "storage": "non_ac",
  "variety": "334",
  "arrivals_bags": 1250,
  "price_min_rs_per_quintal": 8000,
  "price_max_rs_per_quintal": 13500
}
```

పట్టికలో తేదీ, శీర్షిక ఒక్కసారే ఉన్నాయి. మన కన్ను వాటిని కింది వరసలన్నిటికీ అన్వయించుకుంటుంది. రికార్డుకు పైనా కిందా ఉండవు. దాన్ని ఒంటరిగా తీసి చూసినా అర్థం కావాలి కాబట్టి తేదీనీ, శీర్షికనూ ప్రతి రికార్డులోకీ దించాలి. ఈ పని మరిస్తే ఏసీ తేజకూ నాన్ ఏసీ తేజకూ తేడా తెలియదు.

కీ పేరు కూడా అంతే. వట్టి `price` అంటే టిక్కీకా, క్వింటాకా, కిలోకా? కొలత పేరులోనే ఉంటే ఆ సందేహం రాదు. కాస్త పొడవైనా ఫర్వాలేదు.

ఇక అసలు చిక్కు 334. చూడటానికి సంఖ్యే, కానీ అది రకం పేరు. తేజను, 334ను కూడి సగటు తీయం కదా! కూడటానికో పోల్చడానికో పనికొచ్చేదే సంఖ్య, తక్కినదంతా కొటేషన్లలో ఉండాల్సిన మాట. పిన్‌కోడ్, ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా నంబర్ కూడా ఈ లెక్కన మాటలే. పైగా జేసన్‌లో సంఖ్య ముందు సున్నా పెట్టడానికి వీల్లేదు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్‌ను సంఖ్యగా రాస్తే ఆ సున్నా పోతుంది.

ధర విషయంలో దీనికి తిరగబడ్డ తప్పు జరుగుతుంది. దాన్ని కొటేషన్లలో ఉంచేస్తే "13500" వెళ్లి "8000" కంటే ముందు కూర్చుంటుంది. మాటలను మొదటి అక్షరం చూసి వరస పెడతారు, 8 కంటే 1 ముందు కదా. అందుకే కామాలు తీసేసి, రెండు ధరలనూ విడదీసి, సంఖ్యలుగా రాయాలి. తేదీకి జేసన్‌లో ప్రత్యేక రకం లేదు. 04-03 మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్న గొడవ రాకుండా ఏడాది, నెల, రోజు వరసలో మాటగా రాస్తారు.

బాడిగ ఆ రోజు రాలేదనుకోండి, ధర గడిలో గీత ఉంటుంది. అక్కడ సున్నా వేయకూడదు. విలువ లేదని చెప్పే `null` వేయాలి. తేజ 14,000, 334 13,000 అయితే రెండింటి సగటు 13,500. బాడిగకు సున్నా వేస్తే సగటు 9,000కు పడిపోతుంది. ధర కూలిపోయిందని ఎవరైనా కంగారు పడితే తప్పు వాళ్లది కాదు.

కామాను చుక్కగా చదవడం సాఫ్ట్‌వేర్లు చేసే పొరపాట్లలో ఒకటి. 13,500 కాస్తా 13.500 అవుతుంది. జేసన్ దాన్ని పదమూడున్నరగా హాయిగా ఒప్పుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. ఈ పొరపాటు గరిష్ఠ ధరలో మాత్రమే జరిగితే, కనిష్ఠ ధర గరిష్ఠం కంటే ఎక్కువుందా అని చూసే చిన్న పరీక్ష దీన్ని పట్టేస్తుంది. టిక్కీలను కూడి, పట్టిక అడుగున ఉన్న మొత్తంతో పోల్చుకుంటే అక్కడి తప్పులూ దొరుకుతాయి. అయితే ఆ 'మొత్తం' వరస పరీక్షకే. దాన్నీ రికార్డుగా మారిస్తే సరుకు రెండింతలైనట్టు కనిపిస్తుంది.

కనిష్ఠ ధరలోని 8ని 3గా చదివితే మాత్రం ఈ పరీక్షలేవీ పట్టుకోలేవు. 3,000 కూడా 13,500 కంటే తక్కువే. ధరలకు అడుగున మొత్తం ఉండదు. నిన్నటి ధరతో పోల్చి, మరీ తేడాగా ఉన్న గడిని ఫొటో పెద్దది చేసి కంటితో చూసుకోవాల్సిందే.