శేషాలను పారేయకండి

ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో సమీకరణ వాదం చదివినవాళ్లకు సింథటిక్ డివిజన్ గుర్తుండే ఉంటుంది. గుణకాలను వరసగా రాసి, పక్కన ఒక సంఖ్య పెట్టి, గుణిస్తూ కూడుతూ పోతే చివర శేషం తేలుతుంది. చాలామంది అక్కడే పెన్ను దించేస్తారు. అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. వచ్చిన భాగఫలాన్ని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే మరో శేషం, దాన్నీ భాగిస్తే ఇంకో శేషం వస్తాయి. ఈ శేషాలన్నీ కలిసి ఒక కొత్త బహుపదిని ఇస్తాయి.

న్యూటన్ 1669లో రాసిన ఒక గ్రంథంలో x³ − 2x − 5 = 0 అనే సమీకరణాన్ని సాధించి చూపించాడు. దాన్నే తీసుకుందాం. x = 2 పెడితే −1, x = 3 పెడితే 16 వస్తాయి. అంటే మూలం 2 దాటి కాస్త దూరంలోనే ఉంది. అందుకని ఈ బహుపదిని x బదులు (x − 2) ఘాతాల్లో రాసుకుంటే పని తేలికవుతుంది.

```
2 |  1   0   -2   -5
  |      2    4    4
     1   2    2 | -1
         2    8
     1   4 | 10
         2
     1 | 6
```

మొదటి వరసలో ఆ సున్నా ఎందుకంటే, x² పదం లేదు కాబట్టి. మొదటి విడతలో 1ని కిందికి దించాం. దాన్ని 2తో గుణించి పక్క సంఖ్యకు కలిపాం. అలా చివరిదాకా వెళితే శేషం −1 వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, మిగిలిన 1, 2, 2లతో మళ్లీ అదే పని చేస్తే శేషం 10. ఇంకోసారి చేస్తే 6. చివరికి 1 మిగిలింది. కింది నుంచి పైకి చదివితే జవాబు:

(x − 2)³ + 6(x − 2)² + 10(x − 2) − 1

ఇదెలా కుదిరింది? 347ను 10తో భాగిస్తే శేషం 7, భాగఫలం 34. ఆ 34ను మళ్లీ భాగిస్తే శేషం 4, చివరకు 3 మిగులుతుంది. ఒకట్లు, పదులు, వందలు అలా విడివిడిగా రాలిపడ్డాయి. ఇక్కడ 10 స్థానంలో (x − 2) ఉంది, అంతే తేడా. మొదటి శేషానికి (x − 2)తో సంబంధం లేదు కనుక అది స్థిరపదం అవుతుంది. రెండో శేషం ఒకసారి భాగించాక వచ్చింది కనుక (x − 2) పక్కన చేరుతుంది. కలనగణితం తెలిసినవాళ్లు ఇవి టేలర్ గుణకాలని పోల్చుకుంటారు. ఒక్క జాగ్రత్త: ఇక్కడ వచ్చిన 6, రెండో అవకలజం కాదు, దానిలో సగం. అసలు అవకలజం విలువ 12.

ఇప్పుడు x − 2ను y అందాం. సమీకరణం y³ + 6y² + 10y − 1 = 0 అయింది. y చిన్నది కాబట్టి y³, y²లను కాసేపు మరిచిపోతే 10y = 1, అంటే y సుమారు 0.1. కానీ 0.1 పెడితే విలువ 0.061 వస్తుంది, మూలం దాటిపోయామన్నమాట. 0.09 పెడితే ఇంకా రుణమే. కాబట్టి ఇదే పట్టికను 0.09తో మరోసారి నడిపితే కొత్త గుణకాలు 1, 6.27, 11.1043, −0.050671. చివరి రెండింటిని భాగిస్తే సుమారు 0.00456. అన్నీ కలిపితే x సుమారు 2.09456. అసలు విలువ 2.09455తో మొదలవుతుంది. రెండే పట్టికలకు ఇంత దగ్గరకు రావడం తక్కువేమీ కాదు.

ఈ పద్ధతికి హార్నర్ పేరు 1819 నాటి ఆయన వ్యాసం వల్ల వచ్చింది. ఇటలీలో రుఫిని అంతకుముందే, 1804లోనే, ఇలాంటిది చెప్పాడు. చైనాలో చిన్ జియుషావ్ 1247 నాటి పుస్తకంలో ఇదే తరహా లెక్క కనిపిస్తుంది. పేరు విషయంలో హార్నర్‌కు కాస్త అదృష్టం కలిసొచ్చిందనే చెప్పాలి.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల దొర్లుతాయి. లేని పదానికి సున్నా రాయకపోవడం ఒకటి. పైన ఆ సున్నా వదిలేస్తే లెక్క ఆగిపోదు, చక్కగా సాగి వర్గ బహుపది ఒకటి వస్తుంది, అదే ప్రమాదం. రెండోది గుర్తు. (x + 3) ఘాతాలు కావాలంటే పక్కన రాయాల్సింది −3. ఇలాంటి పొరపాట్లను పట్టుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. కొత్త గుణకాలన్నీ కూడండి: 1 + 6 + 10 − 1 = 16. ఇది y = 1 దగ్గర, అంటే x = 3 దగ్గర విలువ. పాత బహుపదిలో 3 పెట్టినా 16 రావాలి, వచ్చింది. మొత్తాలు కలవకపోతే పట్టికలో తప్పున్నట్టే. కలిసినంత మాత్రాన అంతా సరేనని మాత్రం అనుకోకూడదు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు.

కాగితం దగ్గరుంటే x⁴ − 3x + 1ను (x − 1) ఘాతాల్లో రాసి చూడండి. ఇందులో రెండు సున్నాలు రాయాలి. గుణకాల మొత్తం 11 రావాలి.