ఎరువుల డిపో అప్పగింత: గోదాములో ఒక లెక్క, మెషీన్‌లో ఒక లెక్క

సొసైటీ ఎరువుల డిపో మేనేజరు బదిలీ అయినప్పుడు కొత్తాయన చేతికి తాళాల గుత్తి, ఒక కాగితం వస్తాయి. ఆ కాగితంలో జాగ్రత్తగా చూడాల్సింది యూరియా లెక్క. స్టాకు రిజిస్టరులో, పాస్ మెషీన్‌లో, గోదాములో ఉన్న బస్తాలు మూడుచోట్లా ఒకటే కావాలి. రైతు ఆధార్ చూపి కొన్న అమ్మకం పాస్ మెషీన్‌లో ఎక్కితేనే కంపెనీకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. అందుకే తనిఖీకి వచ్చే వ్యవసాయాధికారి ముందు మెషీన్ అంకె చూసి, తర్వాత గోదాములోకి నడుస్తాడు.

ఉదాహరణకు ఒక డిపో అనుకుందాం. రిజిస్టరులో 312 బస్తాలు, మెషీన్‌లో 327, లెక్కపెడితే 309. లెక్క మొదలుపెట్టే ముందు అమ్మకాలు ఆపాలి. ఒకపక్క లోడు వెళ్తుంటే ఏ అంకే నిలవదు. దొంతర వెడల్పు 10, లోతు 6, ఎత్తు 5 అయితే 300, విడిగా మరో 9. కానీ ముందువైపు నుంచి చూసి గుణించేస్తే మోసపోతాం. లోపల ఖాళీ ఉండొచ్చు, పైకెక్కి చూడాల్సిందే.

రిజిస్టరుకూ గోదాముకూ మధ్య తేడా 3 బస్తాలు. అవి చిరిగిపోతే మూలన పెట్టినవి. యూరియా బస్తా 45 కిలోలు కాబట్టి చిరిగినవాటిని తూకం వేసి ఎన్ని కిలోలు మిగిలాయో రాయాలి. మెషీన్‌లో ఎక్కువున్న 15 బస్తాల సంగతి వేరు. సర్వర్ పనిచేయని రోజు రైతులకు చేతి బిల్లు రాసి ఇచ్చారు, తర్వాత మెషీన్‌లో ఎక్కించలేదు. బయటివాళ్ళకు అది బస్తాలు పక్కదారి పట్టినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఆ బిల్లుల నంబర్లు, తేదీ, రైతుల పేర్లు రాసి, పాత మేనేజరు సంతకం తీసుకోవాలి. 'తేడా 15' అని మాత్రమే రాస్తే, ఆ తేడాకు జవాబు చెప్పాల్సింది కొత్తాయనే. రిజిస్టర్లు ఎన్ని, ఏ పేజీ వరకు నిండాయో కూడా ఇక్కడే రాయాలి.

తాళాల గురించి రెండు మాటలు చాలు: ఏ తాళం దేనిదో, రెండో చెవి ఎవరి దగ్గరుందో. దొరకని చెవి ఉంటే ఆ తాళాన్నే మార్చాలి. మెషీన్ తెరవడానికి పాత మేనేజరు వేలిముద్రే నమోదై ఉంటే, ఆయన వెళ్ళకముందే కొత్తాయనది నమోదు చేయించాలి.

ఇక రావాల్సిన సరుకు. మార్క్‌ఫెడ్‌కు ఎన్ని బస్తాలకు ఇండెంటు పెట్టారు, డబ్బు కట్టారా, ఎంత వచ్చింది అన్నది రాస్తారు. లారీ దిగినా మెషీన్‌లో అందినట్టు నమోదు చేయకపోతే ఆ బస్తాలు అమ్మకానికి రావు. గోదామంతా యూరియా కనిపిస్తుంటే మేనేజరు ఇవ్వడం లేదని రైతు అనుకుంటాడు. అలాంటి లారీ ఉంటే దాని ఇన్‌వాయిస్ నంబరు కాగితంలో తప్పక ఉండాలి. ముందే డబ్బు కట్టి టోకెన్ పట్టుకున్న రైతుల జాబితా కూడా దానికి జతచేయాలి.