పొగలో కారు అద్దాలు మూస్తే సరిపోదు

కారు ఏసీ బటన్లలో ఒకదాని మీద కారు బొమ్మ, దాని లోపల వెనక్కి తిరిగిన బాణం గుర్తు ఉంటాయి. అది నొక్కితే డాష్‌బోర్డు లోపల ఒక పలక కదిలి, బయటి గాలి వచ్చే దారి మూసుకుంటుంది. బ్లోయర్ అప్పటినుంచి కారులో ఉన్న గాలినే పీల్చి మళ్లీ కారులోకే వదులుతుంది. ఇదే రీసర్క్యులేషన్. ఎండాకాలంలో ఏసీ తొందరగా చల్లబడాలని చాలామంది దీన్ని వాడతారు. పొగ కమ్మిన ట్రాఫిక్‌లో మన ఊపిరితిత్తులకు ఇది అంతకన్నా పెద్ద మేలు చేస్తుంది. కాకపోతే ఎప్పుడు నొక్కాలో, ఎంతసేపటికి తీసేయాలో తెలిసి ఉండాలి.

ముందు ఫిల్టర్ సంగతి చూద్దాం. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక మడతలు మడతలుగా ఉండే క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. దీన్నే పోలెన్ ఫిల్టర్ అని కూడా అంటారు. పుప్పొడి రేణువు సైజు సాధారణంగా 10 మైక్రాన్లకు పైనే కాబట్టి దాన్ని, రోడ్డు దుమ్మును ఈ ఫిల్టర్ సులభంగానే ఆపుతుంది. పొగతో వచ్చే చిక్కు వేరు. డీజిల్ ఇంజన్ వదిలే మసి రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్‌లో పదో వంతు దగ్గర ఉంటాయి. మామూలు ఫిల్టర్ వాటిలో కొన్నింటినే పట్టుకుని మిగతావాటిని వదిలేస్తుంది.

ఇక్కడే రీసర్క్యులేషన్ ఉపయోగం తెలుస్తుంది. చలికాలం సాయంత్రం, ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ వెళ్తున్నారనుకోండి. కోఠి, నాంపల్లి దాటి అమీర్‌పేట దగ్గర బండ్లు ఆగిపోయాయి. ముందు ఒక పాత లారీ పొగ వదులుతోంది. బయట పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్ల లోపు రేణువులు, ఘనపు మీటరు గాలికి 150 మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టిన పరిమితి 60. మీ ఫిల్టర్ ఒక్కసారి గాలి వెళ్లినప్పుడు నూటికి 40 రేణువులను ఆపుతుందనుకుందాం. బయటి గాలిని తీసుకుంటున్నంతసేపూ లోపల 90 ఉంటుంది, అంతకు తగ్గదు. కడిగిన గాలి లోపలికి వచ్చేలోపే వెనక నుంచి మళ్లీ మురికి గాలి వస్తూనే ఉంటుంది.

రీసర్క్యులేషన్ నొక్కితే లెక్క మారుతుంది. చిన్న కారులో గాలి దాదాపు మూడు ఘనపు మీటర్లు. బ్లోయర్ మధ్యస్థ వేగంలో తిరుగుతుంటే ఆ గాలంతా సుమారు నిమిషానికోసారి ఫిల్టర్ గుండా వెళ్తుంది. అదే ఫిల్టర్, అదే నూటికి 40. కానీ గాలి మళ్లీ మళ్లీ దాని గుండా వెళ్తుంది కాబట్టి మూడు నిమిషాల్లో 90 కాస్తా 30 దాపుకు వస్తుంది. తలుపు సందుల్లోంచి వచ్చే గాలి వల్ల అసలు అంకె దానికి కొంచెం పైన ఉంటుంది. బ్లోయర్‌ను ఆపేసి బటన్ మాత్రమే నొక్కితే ఈ మేలేమీ జరగదు. శుభ్రం చేసేది ఫిల్టర్. దాని దగ్గరికి గాలిని తీసుకెళ్లేది బ్లోయర్. కొన్ని పాత మోడళ్లలో ఫిల్టర్ బయటి గాలి దారిలో మాత్రమే ఉంటుంది. వాటిలో రీసర్క్యులేషన్ కొత్త పొగను ఆపుతుందే తప్ప, లోపలికి వచ్చేసినదాన్ని శుభ్రం చేయదు. మీ కారులో ఎలా ఉందో సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్‌ను అడగండి.

అందుకే లారీ వెనక ఇరుక్కున్నాక కాదు, పొగ గొట్టం కనిపించగానే బటన్ నొక్కాలి. మసిని ఫిల్టర్ నెమ్మదిగా తగ్గిస్తుంది. కానీ పొగలోని వాయువులు దానికి చిక్కవు. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్లు, ముదురు బూడిద రంగులో కనిపించేవి, నైట్రోజన్ డయాక్సైడ్‌ను, వాసనలను కొంతవరకు పీల్చుకుంటాయి. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం అవీ ఆపలేవు. పొగ నిండిపోయాక మూస్తే ఆ వాయువును మనమే లోపల బంధించినట్టవుతుంది. అప్పుడు కాస్త మంచి గాలి ఉన్నచోట ముందు అద్దాలు దించి, ఆ తర్వాత మూయడం మేలు.

మరి ఎప్పుడూ మూసే ఉంచితే? కారులో మనుషులు ఊపిరి వదులుతుంటారు. కూర్చుని ఉన్న పెద్దమనిషి నిమిషానికి సుమారు 0.3 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మూడు వేల లీటర్ల గాలిలో నలుగురుంటే నిమిషానికి దాదాపు 400 పీపీఎం పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేదే 420 చిల్లర. కారు ఎక్కడా సందు లేకుండా బిగిసి ఉంటే పది నిమిషాల్లో అది నాలుగు వేలు దాటుతుంది. నిజానికి సందుల వల్ల అంత పెరగదు, కానీ అందులో సగమైనా రెండు వేల పైమాటే. ఆ స్థాయిలో గాలి బరువుగా అనిపిస్తుంది, తల నొప్పి పుడుతుంది, స్టీరింగ్ పట్టుకున్నవారికి మగతగా ఉంటుంది. నలుగురుంటే పది నిమిషాలకు ఒకసారి, ట్రాఫిక్ పలచబడినచోట, బటన్ తీసేసి రెండు మూడు నిమిషాలు బయటి గాలి రానివ్వాలి. ఒక్కరే అయితే అరగంట దాకా మూసి ఉంచవచ్చు. వానాకాలంలో అద్దం లోపలి వైపు మసకబారితే మాత్రం వెంటనే తీసేయాలి. ఊపిరిలోని తేమే అది.

కొన్ని ఖరీదైన కార్లలో ఈ పని సెన్సార్ చేస్తుంది. బయటి గాలి లోపలికి వచ్చే చోట ఉండే చిన్న సెన్సార్ నైట్రోజన్ ఆక్సైడ్లను, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి పలకను తనంతట తానే మూస్తుంది. పొగ తగిలాకే అది మేల్కొంటుంది కాబట్టి, ముందున్న లారీని చూసి మీరు మూస్తేనే తొందర.

స్క్రీన్ మీద అంకె చూపించే సెన్సార్ వేరే రకం. లోపల లేజర్ కాంతి ప్రసరిస్తుంటుంది. రేణువు అడ్డం వస్తే కాంతి చెదురుతుంది. ఆ చెదురును బట్టి అది లెక్క కడుతుంది. 0.3 మైక్రాన్ల కన్నా చిన్న మసిని ఇది సరిగా చూడలేదు. అంటే పాత లారీ పొగ ముక్కుకు ఘాటుగా తగులుతున్నా అంకె మర్యాదగానే ఉండవచ్చు. అటువంటప్పుడు ముక్కునే నమ్మాలి. దీనికి ఎదురుగా పొగమంచు చినుకులను, సెంటు తుంపర్లను మసిగా లెక్కేసి అంకెను పెంచేస్తుంది. డాష్‌బోర్డు మీద అగరుబత్తి వెలిగించి అద్దాలు మూసుకుని బయల్దేరడం మన దగ్గర మామూలే. ఆ అంకె మాత్రం అబద్ధం కాదు. అగరుబత్తి పొగలో నిజంగానే సన్నని రేణువులు ఉంటాయి. పూజ అయ్యాక రెండు నిమిషాలు తలుపులు తెరిచి ఉంచి, ఆ తర్వాతే రీసర్క్యులేషన్‌కు వెళ్లాలి.

కారులోని ప్యూరిఫైయర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారై 2019లో వచ్చిన కియా సెల్టోస్ పై వేరియంట్లలో ప్యూరిఫైయర్ ఉండేది. తర్వాత చాలా కంపెనీల కార్లలో ఈ సదుపాయం వచ్చింది. దాని ఫిల్టర్ మెరుగైనదే, కానీ ఫ్యాన్ చిన్నది. బయటి గాలి దారి తెరిచే ఉంటే అది ఎప్పుడూ కొత్త మురికి వెనకే పరిగెడుతుంది. కొన్ని కార్లలో ప్యూరిఫైయర్ ఆన్ చేస్తే పలక తానే మూసుకుంటుంది, కొన్నింటిలో మూసుకోదు. బాణం గుర్తు లైటు వెలుగుతోందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఫిల్టర్‌ను ఏడాదికోసారి, దుమ్ము రోడ్ల మీద తిరిగేవారు ఇంకా ముందే, మార్చాలి. గాలి వేగం తగ్గడం, బ్లోయర్ చప్పుడు పెరిగినా గాలి పలచగా రావడం అది నిండిపోయిందనడానికి గుర్తులు. సర్వీస్ సెంటర్లలో కంప్రెషర్ గాలితో ఊది మళ్లీ బిగించడం మామూలు. పైపై దుమ్ము రాలుతుంది, మడతల్లో ఇరుక్కున్న సన్నని మసి పోదు. గట్టిగా ఊదితే పొర చిరగవచ్చు కూడా. నీళ్లతో కడిగితే రేణువులను ఆకర్షించే విద్యుత్ శక్తి ఆ పొరలో పోతుంది. కొత్తది వేయించేటప్పుడు అంచు మీదున్న బాణం గాలి వెళ్లే వైపుకు ఉందో, నాలుగు అంచులూ ఖాళీ లేకుండా కూర్చున్నాయో దగ్గరుండి చూసుకోండి. ఒక పక్క వేలు దూరేంత ఖాళీ ఉన్నా గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని అక్కడి నుంచే వెళ్తుంది.