గడిలోంచి ఒంటరిగా కదిలేదెవరు?

డిగ్రీ మొదటి ఏడాది ఎకనామిక్స్ విద్యార్థికి గేమ్ థియరీ అసైన్‌మెంట్ దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో వస్తుంది. నాలుగు గడుల పట్టిక, ఒక్కో గడిలో రెండేసి అంకెలు, కింద ఒక ప్రశ్న: ఇందులో స్థిరమైన ఫలితం ఏది? చాలామంది అంకెలు కూడి, ఏ గడిలో మొత్తం ఎక్కువ వస్తే దాని చుట్టూ సున్నా చుట్టేస్తారు. మార్కులు పోయేది అక్కడే. ఏ గడి మంచిదో చెప్పమని ఆ ప్రశ్న అడగడం లేదు. ఇద్దరూ ఒక గడిలోకి వచ్చి నిలబడ్డాక, ఎదుటివాడు ఉన్నచోటే ఉండగా తానొక్కడే నిర్ణయం మార్చుకుంటే బాగుపడేవాడు ఎవడైనా ఉన్నాడా అని అడుగుతోంది. ఒక్కడు ఉన్నా ఆ గడి నిలవదు. ఎవడూ లేకపోతే అదే స్థిరమైన ఫలితం, పుస్తకాల భాషలో నాష్ ఈక్విలిబ్రియం. ప్రిన్స్‌టన్‌లో 1950లో జాన్ నాష్ సమర్పించిన 28 పేజీల థీసిస్‌లో ఉన్న ఆలోచన ఇది. 1994లో ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది కూడా ఆ పనికే.

పాఠ్యపుస్తకాలు దీన్ని ఇద్దరు ఖైదీల కథతో చెబుతాయి. మనకు ఖైదీలకన్నా బోర్లు బాగా తెలుసు కాబట్టి అక్కడికే వెళ్దాం.

తెలంగాణలో, రాయలసీమలో చాలా ప్రాంతాల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైన చివికిన పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. నిల్వ తక్కువ. పక్కపక్క చేలల్లో బోర్లుంటే తరచుగా రెండూ తోడేది ఒకే నీటిని. వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఇంకో గంట ఆడించినా రైతు జేబులోంచి అదనంగా పోయేదేమీ లేదు. యాసంగిలో ఇద్దరి ముందూ రెండే దారులున్నాయనుకుందాం: వరి వేయడం, లేదా ఆరుతడి పంటగా పల్లి వేయడం. ఇద్దరూ పల్లి వేస్తే నీళ్లు చివరిదాకా అందుతాయి. ఒక్కడే వరి వేస్తే అతనికి బాగా మిగులుతుంది, పక్కవాడి పల్లికి మాత్రం ఆఖరి తడులు అందవు. ఇద్దరూ వరి వేస్తే మార్చి దాటేసరికి రెండు బోర్లూ ఆగాగి పోస్తాయి, పొలంలో కొంత ఎండుతుంది.

ఎకరాకు మిగిలేది వేల రూపాయల్లో ఇలా ఉందనుకోండి. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవే. ప్రతి గడిలో మొదటి అంకె ఎగువ రైతుది, రెండోది దిగువ రైతుది.

| | దిగువ రైతు: పల్లి | దిగువ రైతు: వరి |
|---|---|---|
| ఎగువ రైతు: పల్లి | 30, 30 | 10, 40 |
| ఎగువ రైతు: వరి | 40, 10 | 15, 15 |

ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. ముందు ఎగువ రైతు తరఫున ఆలోచిద్దాం. అతని చేతిలో ఉన్నది అడ్డువరుస ఒక్కటే. నిలువువరుసను ఎంచుకునేది దిగువ రైతు. కాబట్టి కుడి నిలువువరుసను చేత్తో మూసేయండి. దిగువ రైతు పల్లి వేశాడు. ఎగువ రైతుకు పల్లి వేస్తే 30, వరి వేస్తే 40. 40 కింద గీత గీయండి. ఇక ఎడమ నిలువువరుసను మూయండి. దిగువ రైతు వరి వేశాడు. ఎగువ రైతుకు పల్లికి 10, వరికి 15. 15 కింద గీత. తర్వాత దిగువ రైతు వంతు. ఈసారి ఒక్కో అడ్డువరుసను మూసి, మిగిలినదాంట్లో రెండో అంకెలను పోల్చాలి. అక్కడా 40 కింద ఒకటి, 15 కింద ఒకటి గీతలు పడతాయి. రెండు అంకెల కిందా గీతలున్న గడి ఒక్కటే, ఇద్దరూ వరి వేసినది.

విద్యార్థులు తడబడేది సరిగ్గా ఈ మూసే దగ్గరే. ఎగువ రైతు అంకెలను పై నుంచి కిందికి పోల్చాల్సింది పోయి అడ్డంగా పోలుస్తారు. అంటే పక్కవాడి నిర్ణయాన్ని కూడా ఇతని చేతికే ఇచ్చేస్తారు. ఇంకో పొరపాటు జవాబు రాసేటప్పుడు. స్థిరమైన ఫలితం “15, 15” అని రాస్తే తప్పు. అవి రాబడులు. రాయాల్సింది నిర్ణయాలను: వరి, వరి.

ఈ పట్టికలో పక్కవాడు ఏం వేసినా తనకు వరే లాభం. ఇలా ఎదుటివాడితో నిమిత్తం లేకుండా మేలైన దారిని డామినెంట్ స్ట్రాటజీ అంటారు. ఇద్దరికీ అలాంటి దారి ఉండి, ఇద్దరూ దాన్ని పట్టుకుని వెళ్లి 15 దగ్గర తేలితే, పక్కనే 30 ఖాళీగా ఉంటే, అది డైలమా గేమ్. ఇద్దరూ ఒకేసారి పల్లికి మారితే ఇద్దరికీ రెట్టింపు వస్తుంది కదా అని అడగొచ్చు. వస్తుంది. కానీ నాష్ పరీక్ష జంటగా కదలడాన్ని లెక్కలోకి తీసుకోదు, ఒక్కొక్కరినే అడుగుతుంది. ఒంటరిగా పల్లికి మారినవాడు 15 నుంచి 10కి పడతాడు.

రచ్చబండ దగ్గర కూర్చుని ఇద్దరం పల్లే వేద్దామని మాట ఇచ్చుకుంటే? మాట వల్ల పట్టికలో ఒక్క అంకె కూడా మారదు. వరి నారు పోసే రోజున ఎగువ రైతు మళ్లీ అదే లెక్క వేసుకుంటాడు. పక్కవాడు మాట మీద నిలబడితే తనకు వరికి 40, నిలబడకపోతే వరికి 15. రెండు దారులూ నారుమడికే పోతున్నాయి.

నిజం మనుషులు ఇంత కచ్చితంగా లెక్క వేసుకుంటారా అన్నది వేరే సంగతి. 1950 జనవరిలో రాండ్ సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇలాంటి పట్టికనే ఇద్దరు సహోద్యోగులతో వరసగా 100 సార్లు ఆడించారు. అందులో 60 సార్లు ఇద్దరూ సహకరించుకున్నారు. నాష్ దీనికి అభ్యంతరం చెప్పాడు: అది వంద చిన్న ఆటలు కాదు, ఒకే పెద్ద ఆట, ఈసారి మోసం చేస్తే వచ్చేసారి బదులు తీర్చుకునే వీలుంది కాబట్టి ఒక్క పట్టిక లెక్క దానికి అతకదు. ఆయన మాట న్యాయమే. అసైన్‌మెంట్‌లో “ఒక్కసారి మాత్రమే ఆడే ఆట” అన్న షరతు ఉందో లేదో ముందే చూసుకోవాలనేది అందుకే.

ఇప్పుడు ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారనుకుందాం. పల్లి అనుకుని వరి వేసినవాడు ఊరి నిధికి 15 వేలు కట్టాలి. అయితే ఆ డబ్బు అడిగి వసూలు చేసేది పక్కరైతే. అతను తన మాట నిలుపుకుని ఉంటేనే అడిగే ముఖం ఉంటుంది. ఇద్దరూ తప్పితే అడిగేవాడే ఉండడు. కాబట్టి పట్టికలో మారేది 40 ఒక్కటే, అది 25 అవుతుంది.

| | దిగువ రైతు: పల్లి | దిగువ రైతు: వరి |
|---|---|---|
| ఎగువ రైతు: పల్లి | 30, 30 | 10, 25 |
| ఎగువ రైతు: వరి | 25, 10 | 15, 15 |

మళ్లీ గీతలు గీయండి. పక్కవాడు పల్లి వేస్తే 30కీ 25కీ మధ్య పోటీ, పల్లి గెలుస్తుంది. పక్కవాడు వరి వేస్తే 10కీ 15కీ మధ్య పోటీ, వరి గెలుస్తుంది. జంట గీతలు ఈసారి రెండు గడుల్లో పడ్డాయి. ఇద్దరూ పల్లి వేయడం స్థిరం, ఇద్దరూ వరి వేయడం కూడా స్థిరమే. ఒక్క జవాబు దొరకగానే పెన్ను మూసేసే విద్యార్థికి ఇక్కడ సగం మార్కులే. ఇది కోఆర్డినేషన్ గేమ్. ఈ రకానికి స్టాగ్ హంట్ అని పేరు. ఇద్దరూ కలిసి దుప్పిని వేటాడాలా, ఎవడికి వాడు కుందేలు వెంట పడాలా అని రూసో 1755లో ఇచ్చిన ఉదాహరణ నుంచి వచ్చింది.

రెండు స్థిరమైన గడుల్లో ఏది జరుగుతుందో పట్టిక చెప్పదు. పక్కవాడి గురించి ఇతను ఏమనుకుంటున్నాడన్నదే ఇక్కడ తేలుస్తుంది. పక్కవాడు పల్లి వేస్తాడని పదికి ఏడు పాళ్లు నమ్మకం ఉందనుకోండి. అప్పుడు ఇతనికి పల్లి మీద సగటున 30లో ఏడు పాళ్లు, 10లో మూడు పాళ్లు, అంటే 24 వస్తుంది. వరి మీద అదే లెక్కన 22. పల్లి వేస్తాడు. నమ్మకం మూడు పాళ్లకు పడిపోతే పల్లికి 16, వరికి 18. వరి వేస్తాడు. సరిగ్గా సగం దగ్గర రెండూ 20. ఇక్కడ మాటకు విలువ ఉంది. రచ్చబండ మాట మొదటి పట్టికలో గాలికి పోయింది, రెండో పట్టికలో నమ్మకాన్ని సగం దాటిస్తే చాలు, ఆపైన పల్లి తనంతట తానే నిలబడుతుంది. ఇదంతా కాగితం మీది రైతులతోనే అయ్యే పని కాదు. రూత్ మైన్‌జెన్-డిక్, ఆమె సహచరులు ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో రైతులతోనే నీళ్లు ఎక్కువ తాగే పంటా, తక్కువ తాగే పంటా అనే ఎంపిక ఆటను ఆడించి, ఆ అధ్యయనాన్ని 2016లో ప్రచురించారు. మాట్లాడుకోకుండా కొన్ని విడతలు, మాట్లాడుకుంటూ కొన్ని విడతలు ఆడించడం అందులో ముఖ్యమైన భాగం.

చెడ్డ గడిలో చిక్కుకున్న కోఆర్డినేషన్ గేమ్‌ను ఒక్క రోజులో కదిలించిన దేశం స్వీడన్. చుట్టుపక్కల నార్వే, ఫిన్లాండ్‌లలో బండ్లు కుడివైపు నడిచేవి. స్వీడన్‌లో మాత్రం ఎడమవైపు, అదీ స్టీరింగ్ ఎడమన ఉన్న కార్లతోనే. అయినా ఏ ఒక్క డ్రైవరూ తానొక్కడే కుడికి మారలేడు, మారితే ఎదురుగా వచ్చేవాణ్ని గుద్దుకుంటాడు. 1955లో అడిగితే 83 శాతం మంది మార్పు వద్దన్నారు. 1967 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున 4.50కి రోడ్డు మీదున్న బండ్లన్నీ ఆగి, కుడివైపుకు జరిగి, 5 గంటలకు కదిలాయి. అందరూ ఒకేసారి కదలడమే కష్టమైన పని. కదిలాక, మర్నాడు ఎవరూ ఎడమవైపు నడపకుండా కాపలా కాయనక్కర్లేకపోయింది. మన మొదటి పట్టికలో మాత్రం ఒకే రోజున అందరితో పల్లి వేయించినా, అదే రోజు సాయంత్రం 40 మళ్లీ గుర్తుకొస్తుంది.

అసైన్‌మెంట్‌లో చివరి ప్రశ్నగా తరచూ వచ్చేది ఒకటుంది: జరిమానా ఎంతైతే ఆట స్వభావం మారుతుంది? 40ని 30 కిందికి తేగలిగితే చాలు, అంటే 10 వేలు దాటాలి. 9 వేలైతే ఒంటరి వరికి 31 మిగులుతుంది, డైలమా అలాగే ఉంటుంది. 11 అయితే 29, జంట గీతలు రెండు గడుల్లో పడతాయి. సరిగ్గా 10 అయితే? పక్కవాడు పల్లి వేసినప్పుడు ఇతనికి రెండు దారుల్లోనూ 30. సమానమైనప్పుడు రెండింటి కిందా గీత గీయాలి. అప్పుడు పల్లి, పల్లి గడి కూడా నాష్ పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే కదిలితే నష్టపోవాలని ఆ పరీక్ష అడగదు, కదిలితే లాభం లేకపోతే చాలంటుంది. కాకపోతే అక్కడ రైతును పల్లి దగ్గర పట్టి ఉంచేదేమీ లేదు. వరి ధర క్వింటాలుకు నాలుగు రూపాయలు పెరిగినా అతను నారుమడి వైపు నడుస్తాడు.