పేరు కన్నా ముందు వర్ణన

డెర్మోస్కోప్ చర్మాన్ని దాదాపు పదింతలు పెద్దదిగా చూపే, సొంత వెలుగున్న భూతద్దం. దాంతో తీసిన మచ్చ ఫొటోను విద్యార్థి ముందు పెడితే రోగం పేరు చెప్పేయాలనిపిస్తుంది. ముందు చెప్పాల్సింది మాత్రం కంటికి కనిపించేదే.

ఒక ఫొటో తీసుకుందాం. ఎడమవైపు గోధుమరంగు గీతల వల ఉంది. పైచర్మం లోపలికి దిగిన మడతల్లో మెలనిన్ దట్టంగా కనిపించడం వల్ల గీతలు, కిందిపొర పైకి పొడుచుకొచ్చిన చోట లేత గళ్లు ఏర్పడతాయి. మామూలు పుట్టుమచ్చలో గీతలు ఒకే తీరుగా ఉండి, అంచుకొచ్చేసరికి పలచబడతాయి. ఇక్కడ కొన్ని లావెక్కాయి, గళ్లు చిన్నాపెద్దా అయ్యాయి, వల అంచున హఠాత్తుగా తెగిపోయింది. అలా రాస్తేనే చదివినవారికి అనుమానం అర్థమవుతుంది. ఊరికే ‘అసాధారణం’ అంటే చాలదు.

కుడివైపు, కాస్త ఉబ్బిన చోట, నీలం మీద గరుకు గాజులాంటి తెల్లని మసక ఉంది. మెలనిన్ లోతుగా ఉంటే నీలంగా కనిపిస్తుంది; పైచర్మం మందమైతే తెల్లని మసక వస్తుంది. ఇది మెలనోమాను అనుమానించాల్సిన గుర్తు. అయితే ఆ తెర మచ్చలో ఎంత భాగాన్ని కప్పిందో తప్పక రాయాలి. మచ్చంతా ఒకే నీలమైతే అది హానిలేని నీలిమచ్చ కావచ్చు. ఈ ఫొటోలో తెర ఒక పక్కకే ఉంది, పక్కనే వల చెదిరింది. కాబట్టి మచ్చను పూర్తిగా తీసి బయాప్సీకి పంపాలి.