‘ఊరికి రా’ అంటే చేతులు కుదురుతాయి

కుడిచెయ్యి మూడు దెబ్బలు వేసే వ్యవధిలో ఎడమచెయ్యి రెండు వేయాలి. మూడూ సమానంగా పడాలి, రెండూ సమానంగా పడాలి. విడిగా వేస్తే ఏ చేతికీ కష్టం లేదు. కలిపితే మాత్రం ఒక చెయ్యి రెండోదాన్ని తన దారికి లాగేస్తుంది. సంగీతంలో దీన్ని మూడుకు రెండు పాలీరిథమ్ అంటారు.

చిక్కుముడి విప్పేది 6. మూడుకూ రెండుకూ సమానంగా పంచగల అతిచిన్న అంకె అదే. అరచేతులు తొడల మీద పెట్టుకుని, తొందరపడకుండా ఒకటి నుంచి ఆరు దాకా పైకి లెక్కపెట్టండి. కుడిచెయ్యి 1, 3, 5 మీద పడుతుంది. ఎడమచెయ్యి 1, 4 మీద పడుతుంది. అంటే ముందు రెండు చేతులూ కలిసి, తర్వాత కుడి, వెంటనే ఎడమ, వెంటనే కుడి. 2, 6 దగ్గర నిశ్శబ్దం.

బడిలో నేర్చుకున్న గురులఘువులు ఇక్కడ పనికొస్తాయి. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. మన చేతులు చేసిన చప్పుడు గురువు, లఘువు, లఘువు, గురువు. ‘ఊరికి రా’ అనండి, అచ్చం అదే నడక. ‘ఊ’కు రెండు చేతులూ, ‘రి’కి కుడి, ‘కి’కి ఎడమ, ‘రా’కు కుడి. అంకెలు వదిలి ఈ మాటతోనే వేయండి. కుదిరాక చేతులు మార్చండి.

తప్పు ఎక్కువగా జరిగేది నాలుగో అంకె దగ్గర. అక్కడ ఒంటరిగా పడాల్సిన ఎడమచెయ్యి, కుడిచేతికి తోడుగా 3 మీదకో 5 మీదకో జారుతుంది. కొందరికి ఎడమచెయ్యి నిలిచినా కుడిచేతి మూడు దెబ్బలు కుంటుతాయి. పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండు చేతులూ నడుస్తుండగా ఉన్నట్టుండి ఎడమచెయ్యి ఆపి, కుడిచెయ్యి కొనసాగించండి. ఆ క్షణంలో దాని నడక మారితే, అంతవరకూ అది సమానంగా లేదన్నమాట. తర్వాత కుడి ఆపి ఎడమను చూడండి.

ఇక మెట్రోనోమ్. నిమిషానికి 120 పెట్టి, ఒక్కో టిక్కుకు ఒక్కో అంకె లెక్కపెట్టండి. స్థిరపడ్డాక దాన్ని 40కి దించండి. ఇప్పుడు ప్రతి టిక్కూ ఎడమచేతిదే, కుడిచెయ్యి తన దారి తాను వెతుక్కోవాలి. అదే వేగంలో 60 పెడితే టిక్కులు కుడిచేతివి అవుతాయి.

‘ఊరికి రా’తో ఒక ఇబ్బంది ఉంది. అది రెండు చేతులనూ కలిపి ఒకే లయగా వినిపిస్తుంది. దెబుస్సీ పియానో కోసం రాసిన మొదటి అరబెస్క్‌లో కుడిచెయ్యి మూడేసి స్వరాలు, ఎడమచెయ్యి రెండేసి స్వరాలు వాయించే చోట్లున్నాయి. అక్కడ రెండు ధారలూ వేరువేరుగా వినపడాలి. అందుకు చివరి సాధన నోటితో. తిశ్రగతిలో ‘తకిట’ సమానంగా అంటూ, ఒక్కో తకిటకు రెండు చప్పట్లు వేయండి. మొదటిది ‘త’ మీద, రెండోది ‘కి’కీ ‘ట’కీ సరిగ్గా నడుమ. ఆ నడిమి చప్పట్టు పడేటప్పుడు నోరు తడబడకపోతే, రెండు లయలూ మీలో విడివిడిగా నిలిచినట్టే.